రెండున్నర దాటాక చేసిన పని

మందుల కంపెనీల ప్యాకింగ్ సెక్షన్లలో షిఫ్టు మారే వేళకి ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "పంచ్ కొట్టేసి వచ్చి మిగతాది ముగించు, లేకపోతే రేపు హెచ్‌ఆర్ వాళ్లు నన్నడుగుతారు." చెప్పేది షిఫ్ట్ ఇన్‌చార్జి, వినేది మెషిన్ ఆపరేటర్. అప్పగించిన పని షిఫ్టులో పూర్తి కాలేదు. మిగిలింది గంట పని. దాన్ని వదిలేసి వెళ్లడం కుదరదు, ఓటీ రాయడం ఇన్‌చార్జికి ఇష్టం లేదు. అందుకని ఆపరేటర్ గేటు దగ్గరికి పోయి కార్డు చూపించి, మళ్లీ లోపలికి వచ్చి పని చేస్తాడు. మస్టర్ ప్రకారం అతను ఇంటికి వెళ్లిపోయాడు. నిజానికి లైను ముందు నిలబడి కార్టన్లు లెక్కపెడుతున్నాడు.

ఆ గంటను కాగితం మీద ఎలా పెట్టాలో చెప్పడానికే ఈ వ్యాసం. పటాన్‌చెరు, పాశమైలారం, జడ్చర్ల, పరవాడ వైపు మందుల ఫ్యాక్టరీల్లో వేలమంది తెలుగువాళ్లు పనిచేస్తున్నారు కాబట్టి ఉదాహరణ కూడా అక్కడి నుంచే తీసుకుంటాను. మందుల తయారీలో ఇంకో విశేషముంది. ఏ పని ఎన్ని గంటలకు మొదలైందో, ఎన్ని గంటలకు ముగిసిందో, ఎవరు చేశారో బ్యాచ్ రికార్డులో అప్పటికప్పుడే రాయాలి. అంటే షిఫ్టు దాటాక చేసిన పనికి సాక్ష్యం అక్కడ ముందే సిద్ధంగా ఉంటుంది. ఓటీ చీటీ దానితో సరిపోవాలి. చాలాచోట్ల సరిపోదు.

ఒక రోజును నిమిషాలతో సహా చూద్దాం. ఉదయం షిఫ్టు 6:00 నుంచి మధ్యాహ్నం 2:30 దాకా. మధ్యలో అరగంట భోజన విరామం పోను నికరంగా 8 గంటల పని. ఆపరేటర్ పనిచేసేది బ్లిస్టర్ ప్యాకింగ్ లైను మీద. గురువారం ఉదయం 10:20కి సీలింగ్ రోలర్ వేడి పడిపోయి మెషిన్ ఆగింది. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి సరిచేసేసరికి 11:10 అయింది. అలా పోయిన 50 నిమిషాల వల్ల ఒంటిగంటకు పూర్తి కావలసిన బ్యాచ్ 1:50కి పూర్తయింది.

మాత్రలు అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయినంత మాత్రాన ప్యాకింగ్ పని అయిపోదు. అచ్చు వేసిన కార్టన్లు స్టోర్స్ నుంచి ఎన్ని వచ్చాయో, ఎన్ని వాడారో, ఎన్ని పాడయ్యాయో, ఎన్ని మిగిలాయో లెక్క తేలాలి. దీన్నే అక్కడ రీకన్సిలియేషన్ అంటారు. ఒక మందు కార్టన్ ఇంకో మందు బ్యాచ్‌లో కలిసిపోతే చివరికి రోగి చేతికి తప్పు మందు వెళుతుంది, అందుకే ఈ లెక్కకు అంత పట్టు. ఆ రోజు స్టోర్స్ ఇచ్చినవి 12,400. వాడినవి 12,180, పాడైనవి 130, బ్యాచ్ నంబరు కోడ్ పడి మిగిలినవి 30, కోడ్ పడకుండా మిగిలినవి 40. అన్నీ కలిపితే 12,380. ఇరవై తక్కువ. రెండోసారి లెక్కపెట్టినా అంతే. అప్పటికి 2:25 అయింది.

ఆ సమయంలో తర్వాతి షిఫ్టు ఆపరేటర్‌కి అప్పగించి వెళ్లిపోవచ్చు కదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. కొన్ని పనులకు అది కుదురుతుంది. నడుస్తున్న మెషిన్‌ని చేతులు మార్చవచ్చు. సగంలో ఉన్న కార్టన్ల లెక్కను మాత్రం కొత్తవాడు తీసుకోడు, తీసుకోకూడదు కూడా. తను చూడని 12,000 కార్టన్లకు అతను సంతకం ఎలా పెడతాడు? క్వాలిటీ వాళ్లు కూడా మొదలుపెట్టినవాడే ముగించాలంటారు. అందుకే ఆపరేటర్ ఉండిపోయాడు. 2:50కి ఆ ఇరవై కార్టన్లు కార్టనింగ్ మెషిన్ రిజెక్షన్ ట్రే అడుగున దొరికాయి. పాడైనవి 130 కాదు, 150. లెక్క సరిపోయింది. కోడ్ పడిన 30 కార్టన్లు మళ్లీ స్టోర్స్‌కి పంపకూడదు కాబట్టి క్వాలిటీ మనిషి ఎదురుగా చింపేసి సంతకాలు పెట్టేసరికి 3:20. లైను తుడిచి, తర్వాతి ఉత్పత్తి కోసం లైన్ క్లియరెన్స్ ఇప్పించి సెక్షన్ నుంచి బయటికి వచ్చేసరికి 3:40. గౌను మార్చుకుని గేటు దగ్గర పంచ్ కొట్టేసరికి 3:58.

ఇప్పుడు ఓటీ ఎంత? గేటు పంచ్ చూసి గంటా ఇరవై ఎనిమిది నిమిషాలు అనకూడదు. మామూలు రోజుల్లో కూడా అతను 2:30కి సెక్షన్ వదిలి, గౌను మార్చుకుని, 2:48కి గేటు దాటుతాడు. ఆ పద్దెనిమిది నిమిషాలను రోజూ ఎలా చూస్తున్నారో ఓటీ రోజు కూడా అలాగే చూడాలి. గౌను మార్చుకునే సమయం షిఫ్టులో భాగమయ్యే ఫ్యాక్టరీల్లో ఓటీ రోజు కూడా అది భాగమే, కాని చోట కాదు. ఇక్కడ లెక్కకు పట్టు సెక్షన్ ఎంట్రీ–ఎగ్జిట్ లాగ్, బ్యాచ్ రికార్డులో చివరి సంతకం సమయం. ఆ రెండూ 3:40 అంటున్నాయి. కాబట్టి ఓటీ 2:30 నుంచి 3:40 వరకు, అంటే గంటా పది నిమిషాలు. దాన్ని గంటకు కుదించడం ఎంత తప్పో, గంటన్నరకు పెంచడం కూడా అంతే తప్పు.

ఇక మామూలుగా వినిపించే అభ్యంతరం ఒకటుంది. "నీ పని నువ్వు షిఫ్టులో ముగించలేదు, దానికి కంపెనీ ఓటీ ఎందుకివ్వాలి?" ఈ మాట అనే ఇన్‌చార్జిలు చాలామంది దాన్ని నిజంగానే నమ్ముతారు. చట్టం మాత్రం ఆ ప్రశ్న అడగదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ చెప్పింది ఇంతే: రోజుకు 9 గంటలకు గాని, వారానికి 48 గంటలకు గాని మించి పని చేస్తే, మించిన సమయానికి మామూలు వేతనానికి రెట్టింపు ఇవ్వాలి. పని ఎందుకు మిగిలిందో, తప్పు ఎవరిదో అందులో లేదు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలోనూ రెట్టింపు అలాగే ఉంది. పైగా ఓటీ చేయించడానికి కార్మికుడి సమ్మతి ఉండాలని కూడా వృత్తి భద్రత కోడ్ చెబుతుంది. ఆపరేటర్ నిజంగానే అలసత్వం చేసి ఉంటే దానికి మెమో ఇవ్వడం, విచారణ జరపడం వంటి వేరే దారులున్నాయి. చేసిన పని గంటల్ని మస్టర్ నుంచి తీసేయడం వాటిలో ఒకటి కాదు.

కోవిడ్ రోజుల్లో గుజరాత్ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 17న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఫ్యాక్టరీలు 12 గంటలు పని చేయించవచ్చని, పై గంటలకు రెట్టింపు అక్కర్లేదు, మామూలు రేటు చాలని దాని సారాంశం. అదే ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మహమ్మారి అంతటి కారణం చూపించినా రెట్టింపు తప్పించుకోవడానికి చాలలేదంటే, సీలింగ్ రోలర్ ఆగడం ఏ మూలకు చాలుతుంది?

అయితే ఎవరికీ చెప్పకుండా ఉండిపోయి, మర్నాడు వచ్చి ఓటీ అడగడం కూడా సరైన పద్ధతి కాదు. పని మిగిలేలా ఉందని షిఫ్టు ముగియకముందే ఇన్‌చార్జికి తెలియాలి. ఆయన ముందు అప్పుడు మూడు దారులుంటాయి: తర్వాతి షిఫ్టుకు అప్పగించమనడం, సాయానికి ఇంకొకర్ని పంపడం, ఓటీకి ఉండమనడం. నిర్ణయం ఆయనది. అది తీసుకునే అవకాశం ఆయనకు ఇవ్వడం ఆపరేటర్ వంతు. మన ఉదాహరణలో 2:25కి ఆపరేటర్ వెళ్లి, "సార్, ఇరవై కార్టన్లు తేలడం లేదు, ఇంకా డిస్ట్రక్షన్, క్లియరెన్స్ ఉన్నాయి, గంట పైనే పడుతుంది" అన్నాడు. ఏది మిగిలిందో, ఎంతసేపు పడుతుందో రెండూ అందులో ఉన్నాయి. ఇన్‌చార్జి తల ఊపి వెళ్లిపోయినా సరే, పని జరుగుతోందని ఆయనకు తెలిసినట్టే. వద్దనుకుంటే అప్పుడే ఆపాలి గాని, పని అంతా చేయించుకుని తర్వాత 'నేను ఉండమనలేదు' అనడం న్యాయం కాదు.

చీటీ ఆ రోజే, సెక్షన్ వదిలే ముందే రాయాలి. వారం చివర నలుగురూ కూర్చుని గుర్తు తెచ్చుకుంటూ రాసిన చీటీలను ఇట్టే పట్టుకోవచ్చు. అందరిదీ ఒకే సమయం, అన్నీ గుండ్రని అంకెలు, ఒకే పెన్ను, ఒకే చేతిరాత. నిజంగా జరిగినప్పుడు హెల్పర్ 3:20కే వెళ్లిపోయి ఉంటాడు, ఆపరేటర్ 3:40 దాకా ఉంటాడు. కారణం గడిలో 'పని ఆలస్యం', 'ఉత్పత్తి అవసరం' వంటి మాటలు ఎవరికీ ఏమీ చెప్పవు. ఆ గడిలో నేనైతే ఇలా రాయిస్తాను: "బ్లిస్టర్ లైన్ 2. కార్టన్ల రీకన్సిలియేషన్, కోడ్ పడిన కార్టన్ల డిస్ట్రక్షన్, లైన్ క్లియరెన్స్. ఉదయం 10:20–11:10 సీలింగ్ రోలర్ బ్రేక్‌డౌన్ వల్ల షిఫ్టులో పూర్తి కాలేదు. 2:25కి ఇన్‌చార్జికి తెలియజేశాను. ఓటీ 2:30–3:40." దాంతో పాటు బ్యాచ్ నంబరు. ఇందులో ఎవరి మీదా నింద లేదు, ఎవరికీ క్షమాపణ లేదు. ఆరు నెలల తర్వాత ఎవరైనా అడిగినా మెయింటెనెన్స్ బ్రేక్‌డౌన్ రిజిస్టరు, బ్యాచ్ రికార్డు, సెక్షన్ లాగ్ మూడూ ఈ చీటీకి సాక్ష్యం చెబుతాయి.

రాసింది తప్పయితే వైట్‌నర్ పూయకుండా, పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. బ్యాచ్ రికార్డుకు పాటించే క్రమశిక్షణే ఇది. వేలిముద్ర పడక పంచ్ తప్పిపోతే ఆ రోజే మిస్సింగ్ పంచ్ ఫారం ఇచ్చి, దానికి సెక్షన్ లాగ్ సమయం జతచేయాలి.

ఆ రోజు ఇంకో అరగంట కూడా దాక్కుని ఉండవచ్చు. మెషిన్ బాగయ్యాక 'ముందు ఉత్పత్తి లాగు' అన్న ఒత్తిడిలో భోజన విరామం పది నిమిషాలతో ముగిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం అరగంట దానంతటదే కోసేస్తుంది. మిగతా ఇరవై నిమిషాలు కూడా పనే. దాన్ని షిఫ్టు తర్వాతి సమయంలో కలిపి రాయకుండా విడిగా చూపించాలి. కలిపి రాస్తే 3:40 కాస్తా 4:00 అవుతుంది, అప్పుడు బ్యాచ్ రికార్డుతో పొసగదు.

డబ్బు లెక్కకు వద్దాం. ఓటీకి లెక్కలోకి వచ్చే వేతనం నెలకు ₹20,800 అనుకుంటే, 26 రోజులకు భాగిస్తే రోజుకు ₹800, గంటకు ₹100. రెట్టింపు ₹200. గంటా పది నిమిషాలకు ₹233 పైచిలుకు. ఆ వారం ఆరు రోజులూ పనిచేసి ఉంటే మొత్తం 49 గంటల 10 నిమిషాలు. 48 దాటిన గంటా పది నిమిషాలూ రెట్టింపుకు వస్తాయి. పేచీ లేదు.

అదే వారంలో మంగళవారం సెలవు పెట్టి ఉంటే లెక్క మారుతుంది. పనిచేసింది 41 గంటల 10 నిమిషాలే కాబట్టి వారం లెక్కన రెట్టింపు రాదు. రోజు లెక్కన చూస్తే గురువారం 9 గంటల 10 నిమిషాల పని. 9 గంటల హద్దు ఉన్నచోట చట్టం ప్రకారం రెట్టింపు వచ్చేది ఆ పది నిమిషాలకే. మిగతా గంటకు ఏ రేటన్నది కంపెనీ ఒప్పందం మీద, యూనియన్ సెటిల్‌మెంట్ మీద ఆధారపడుతుంది. ఒప్పందాన్ని బట్టి ఎనిమిది గంటలు దాటిన ప్రతి నిమిషానికీ రెట్టింపు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. రోజు హద్దు రాష్ట్రాన్ని బట్టి, సవరణల్ని బట్టి మారుతోంది కాబట్టి మీ ఫ్యాక్టరీకి వర్తించేది ఏదో అడిగి తెలుసుకోవాలి. వారానికి 48 అన్నది మాత్రం నిలిచి ఉంది. రేటు ఎంతన్నదానికీ, గంటలు రాయడానికీ సంబంధం లేదని మరిచిపోకూడదు. సింగిల్ రేటు వచ్చినా, రాకపోయినా, చేసిన గంటా పది నిమిషాలూ రికార్డులో ఉండాలి. 'ఈ వారం నీకు ఓటీ రాదు, రాయకు' అన్న మాటతోనే చాలా గంటలు మాయమవుతాయి. ఆ వారం ఆదివారం పనికి పిలిస్తే మొత్తం మళ్లీ పెరుగుతుంది, అప్పుడు గురువారం గంట లేక లెక్క తప్పుతుంది.

ఇన్‌చార్జిలు ఓటీ రాయనివ్వకపోవడానికి పిసినారితనం ఒక్కటే కారణం కాదు. మూడు నెలలకు ఇన్ని గంటలే ఓటీ చేయించాలని చట్టంలో పరిమితి ఉంది. పాత చట్టంలో అది 50 గంటలు, తర్వాత చాలా రాష్ట్రాలు పెంచుకున్నాయి. మనుషులు తక్కువున్న సెక్షన్లలో ఆ కోటా రెండో నెలకే అయిపోతుంది. అప్పటి నుంచి పని ఆగదు, రాయడం ఆగుతుంది. కార్మికుడి ఒంటికి విశ్రాంతి కోసం పెట్టిన పరిమితి, అతను చేసిన పనిని దాచడానికి సాకవుతుంది. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. గంటలు నిజంగా రాస్తే ఆ లైనుకు ఇంకో ఇద్దరు కావాలని మేనేజ్‌మెంట్‌కు కాగితం మీదే కనబడేది.

దాచడం వల్ల కంపెనీకి వచ్చే చిక్కు చిన్నది కాదు. మస్టర్ ప్రకారం 2:30కి వెళ్లిపోయిన మనిషి సంతకం బ్యాచ్ రికార్డులో 3:20కి కనబడుతుంది. తనిఖీకి వచ్చిన డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ గాని, అమెరికా ఎఫ్‌డీఏ బృందం గాని ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాళ్లకు తోచే మొదటి అనుమానం ఓటీ గురించి కాదు. ఆ మనిషి లేనప్పుడు అతని సంతకం ఎవరు పెట్టారన్నది. హాజరు రికార్డును బ్యాచ్ రికార్డుతో పోల్చడం తనిఖీల్లో మామూలే. ₹233 మిగుల్చుకోబోయి, నిజంగా లెక్కపెట్టిన కార్టన్ల లెక్కను కూడా అబద్ధంలా కనబడేలా చేసుకున్నట్టవుతుంది. దాన్ని సరిదిద్దబోయి బ్యాచ్ రికార్డులోనే సమయం 2:30కి దించేస్తే అది ఇంకా పెద్ద నేరం. అలా దించమని ఎవరన్నా ఆపరేటర్ ఒప్పుకోకూడదు, ఎందుకంటే కింద సంతకం అతనిది.

కార్మికుడికి వచ్చే చిక్కు ఇంకా దగ్గరిది. పంచ్ కొట్టేసి వచ్చి పనిచేస్తుండగా 3:15కి కార్టనింగ్ మెషిన్‌లో వేలు నలిగితే? పనిలో ఉండగా జరిగిన గాయానికి ఈఎస్‌ఐ నుంచి వచ్చే ప్రయోజనాలు మామూలు జబ్బుకు వచ్చేవాటి కన్నా మెరుగ్గా ఉంటాయి. కానీ ఆ సమయంలో అతను ఫ్యాక్టరీలో లేనట్టు ఫ్యాక్టరీ రికార్డే చెబుతోంది. ప్రమాద నివేదిక రాయాల్సిన ఇన్‌చార్జికి తను చెప్పిన మాటే అడ్డం వస్తుంది. చేయి కట్టుకుని ఆసుపత్రిలో కూర్చున్న మనిషి, తను ఆ వేళ అక్కడే ఉన్నానని సాక్షుల్ని వెతుక్కోవాలి. అందుకే ఓటీ ఇచ్చినా ఇవ్వకపోయినా, పని ముగిసే ముందు పంచ్ మాత్రం కొట్టవద్దు.

'రేపు గంట ముందే వెళ్లిపో, సరిపోతుంది' అన్న సర్దుబాటు చాలామందికి ఇష్టమే. పిల్లల ఫీజు కట్టడానికో, ఊరికి బస్సు పట్టుకోవడానికో ఆ గంట ఉపయోగపడుతుంది. కానీ రెట్టింపు విలువైన గంటకు మామూలు గంట బదులు ఇచ్చినట్టవుతుంది. ఒప్పుకున్నా సరే, గురువారం 3:40 దాకా పని, శుక్రవారం 1:30కి వెళ్లడం రెండూ ఉన్నవి ఉన్నట్టే రికార్డులో పడాలి.

కాంట్రాక్టు కార్మికులకు ఇంకో మెలిక ఉంటుంది. పని చెప్పేది ఫ్యాక్టరీ ఇన్‌చార్జి, జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. చీటీ ఇన్‌చార్జి సొరుగులోనే ఉండిపోతే కాంట్రాక్టరుకు ఆ గంట తెలియనే తెలియదు. అందుకని ఇన్‌చార్జి సంతకం పడిన చీటీ నకలు కాంట్రాక్టరు సూపర్‌వైజర్‌కు చేరిందో లేదో చూసుకోవాలి, తన దగ్గర ఒక ఫోటో ఉంచుకోవాలి. బ్యాచ్ రికార్డును ఫోటో తీయడం నిషిద్ధం, దాని జోలికి పోకూడదు. తన ఓటీ చీటీ వేరు. సెక్షన్‌లోకి ఫోను అనుమతించరు కాబట్టి చీటీని బయటికి తెచ్చాకే తీయాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చెల్లించాల్సిన బాధ్యత అసలు యజమాని మీద పడుతుంది, అప్పుడు ఆ చీటీయే ఆధారం.

నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా రావాలి, దాంతో పాటు వేతన చీటీ కూడా ఇవ్వాలి. అందులో ఓటీ గంటలు విడిగా ఉన్నాయో లేదో, గంటా పది నిమిషాలు గంటగా మారిపోయిందో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే ముందు టైమ్ ఆఫీసులో తేదీ, షిఫ్టు, చీటీ చూపించి లిఖితపూర్వకంగా అడగాలి. చాలా తేడాలు అక్కడే తీరిపోతాయి, ఎందుకంటే సగం సందర్భాల్లో చీటీ కంప్యూటర్‌లోకి ఎక్కకపోవడమే కారణం. అక్కడ తేలకపోతే వేతనాల కోడ్ కింద మూడేళ్లలోగా అధికారి దగ్గర క్లెయిమ్ వేయవచ్చు. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉంది. ఇవ్వాల్సింది ఇచ్చేశామని నిరూపించుకునే భారం యజమానిదే. అయితే ఆ గంటలో నువ్వు పనిచేశావని ముందు చూపించాల్సింది నువ్వే. గేటు పంచ్ 3:58, సెక్షన్ లాగ్ 3:40, చీటీలో 2:25కి చెప్పినట్టు రాసిన వాక్యం చేతిలో ఉంటే ఆ పని కష్టం కాదు.